తెగిన కనెక్షన్, ఆగని బండి

సభకు నమస్కారం. ఈ బల్ల మీదున్న నాలుగు చక్రాల బండిలో ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, ఒక ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, ఒక హెచ్‌సి-05 బ్లూటూత్ మాడ్యూల్ తప్ప వేరే విశేషమేమీ లేదు. మీలో చాలామంది ఇలాంటిదే కట్టి ఉంటారు. యాప్‌లో ముందుకు, వెనక్కు, ఎడమ, కుడి అనే నాలుగు బటన్లు పెట్టి, నొక్కినప్పుడు ఒక అక్షరం, వదిలినప్పుడు మరొక అక్షరం పంపితే బండి నడుస్తుంది. ఆ నడక గురించి కాక, సిగ్నల్ పోయినప్పుడు అది ఆగడం గురించి మాట్లాడాలని విజయవాడ వచ్చాను.

గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద నేను మొదట కట్టిన బండి నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లింది. ట్యాంకు కాంక్రీటుది, నిండా నీళ్లున్నాయి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. నేను వేలు ఎత్తేశాను, బండి మాత్రం ఆగలేదు. పిట్టగోడకు ముక్కు ఆనించి, చక్రాలు జారుతూ తిరుగుతూనే ఉంది, మోటార్ల నుంచి వేడి వాసన కూడా మొదలైంది. అంతసేపూ నా ఫోను తెర మీద పచ్చరంగులో ‘కనెక్టెడ్’ అని వెలుగుతూనే ఉంది.

ఇందులో ఫోను అబద్ధమాడిందనలేము, దానికి తెలియలేదంతే. క్లాసిక్ బ్లూటూత్‌లో అవతలి పక్క నుంచి జవాబు ఆగిపోగానే లింకు తెగినట్లు ప్రకటించరు. లింక్ సూపర్‌విజన్ టైమవుట్ అనే గడువు వరకూ వేచి చూస్తారు. ప్రమాణంలో ఆ గడువు డిఫాల్ట్ విలువ 20 సెకన్లు. ఆ లోపల యాప్ సాకెట్‌లోకి రాసిన ప్రతి అక్షరమూ బఫర్‌లో చేరిపోతుంది, రాయడం విజయవంతమైనట్లే కనిపిస్తుంది. 65 మిల్లీమీటర్ల చక్రాలతో బండి సెకనుకు అర మీటరు పోతుందనుకుంటే, 20 సెకన్లలో పది మీటర్లు పోతుంది. మా డాబా అంత పొడవు లేదు.

అందువల్ల ఆగాలా వద్దా అన్న నిర్ణయం ఫోనుకు వదలకూడదు, అది బండి దగ్గరే ఉండాలి. ‘ఆగు’ అని చెప్పినప్పుడు ఆగడం కాదు, ‘నడువు’ అని చెబుతూ ఉన్నంతసేపే నడవడం దాని నియమం కావాలి. వేలు బటన్ మీదున్నంతసేపూ యాప్ ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒకసారి ఆజ్ఞను తిరిగి పంపుతుంది. ఆజ్ఞ అందిన ప్రతిసారీ బండి సమయాన్ని గుర్తు పెట్టుకుంటుంది. ఆర్డుయినో లూప్‌లో పని ఇంతే:

```cpp
if (millis() - lastRx > 500) {
  stopMotors();
}
```

వరసగా నాలుగైదు ఆజ్ఞలు రాకపోతేనే ఇది పనిచేస్తుంది కనుక, చిన్న అంతరాయాలకు బండి కుదుపులతో ఆగదు. నిజంగా తెగితే పావు మీటరు మించి పోదు. ఈ లూప్‌లో ఎక్కడైనా `delay(1000)` ఉంటే మాత్రం కాపలాదారు ఆ సెకనంతా నిద్రపోయినట్లే.

ఇక్కడితో సరిపోతుందని నేనూ అనుకున్నాను. సరిపోలేదు. సీరియల్ పోర్టులా కనిపించే ఈ లింకు పంపిన అక్షరాలను పారేయదు. సిగ్నల్ బలహీనమైతే దాచిపెట్టి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, వరస తప్పకుండా అందిస్తుంది. ఫైలు పంపేటప్పుడు అది వరమే కానీ, బండి నడిపేటప్పుడు చిక్కు. రెండు సెకన్ల అంతరాయం తరువాత ఇరవై పాత ‘ముందుకు’లు గుంపుగా దిగి, వాటి వెనకాల మీరు ఎప్పుడో పంపిన ‘ఆగు’ వస్తుంది. ఆగి ఉన్న బండి ఒక్కసారి దూకి ఆగుతుంది. దీనికి విరుగుడు, ప్రతి ఆజ్ఞకూ ఒక వరస సంఖ్య ఇచ్చి, బండి ఆ సంఖ్యనే తిరిగి పంపేవరకూ యాప్ తరువాతి ఆజ్ఞను పంపకపోవడం. అప్పుడు దారిలో ఎప్పుడూ ఒక్క ఆజ్ఞే ఉంటుంది, పాతది మిగిలినా ఒక్కటే మిగులుతుంది.

ఈ తిరుగు సంఖ్య తెరకు కూడా అక్కరకొస్తుంది. పచ్చ, ఎరుపు అన్న రెండే స్థితులు చూపే యాప్ నాకు నచ్చదు. చివరి జవాబు 300 మిల్లీసెకన్ల లోపల వస్తే పచ్చ, దాటితే పసుపు, 500 దాటితే ‘బండి ఆగిపోయి ఉండాలి’ అన్న వాక్యం: ఇవి ఫోనుకు నిజంగా తెలిసిన సంగతులు. పైగా నడిపేవారి చూపు బండి మీద ఉంటుంది, తెర మీద ఉండదు. కాబట్టి పసుపులోకి వెళ్లినప్పుడు ఫోను ఒకసారి చిన్నగా వణికితే, ఏ రంగూ చేయలేని పని అది చేస్తుంది. బటన్లు కూడా చూడకుండా బొటనవేలికి దొరకాలి. ఆండ్రాయిడ్ సూచించే కనీస కొలత 48 డీపీ కానీ, దానికి రెట్టింపు పెడితే తప్ప నా వేలు కుదురుగా నిలవలేదు.

వేలు ఎత్తడం దగ్గర ఇంకో మెలిక ఉంది. వేలు బటన్ మీదుండగానే ఫోన్ కాల్ తెర మొత్తాన్ని ఆక్రమించినా, వేలి కదలికను వెనకున్న జాబితా తన స్క్రోల్‌గా లాక్కున్నా, మన బటన్‌కు `ACTION_UP` రాదు, `ACTION_CANCEL` వస్తుంది. మొదటిదాన్ని మాత్రమే రాసుకున్న యాప్ దృష్టిలో వేలు ఇంకా నొక్కే ఉంది కనుక, ఆజ్ఞలు పోతూనే ఉంటాయి. లింకు బాగానే ఉన్నందున బండి కాపలాదారు కూడా ఏమీ చేయలేడు.

```kotlin
MotionEvent.ACTION_UP,
MotionEvent.ACTION_CANCEL -> command = 'S'
```

`onPause` లో కూడా ఇదే పని చేయించండి.

ఇక తిరిగి కలవడం. పాత సాకెట్‌ను మూసి, కొత్తది తెరవాలి. `connect()` విఫలమవడానికి సుమారు 12 సెకన్లు పట్టవచ్చు కాబట్టి దాన్ని ప్రధాన థ్రెడ్‌లో పిలిస్తే యాప్ బిగుసుకుపోతుంది. తమాషా ఏమిటంటే, మన యాప్ తెగిందని తెలుసుకున్నా, హెచ్‌సి-05 పాత లింకు గడువు తీరేవరకూ కొత్తవారిని రానివ్వకపోవచ్చు. అందుకే మొదటి ప్రయత్నం విఫలమైతే కంగారు పడక 1, 2, 4, 8 సెకన్ల ఎడంతో ప్రయత్నించాలి. కలిసిన తరువాత బండి తనంతట తాను కదలకూడదు. ఆందోళనలో వేలు బటన్ మీదే నొక్కి ఉంచుతాము కదా, ఆ వేలు ఒకసారి ఎత్తి మళ్లీ నొక్కితేనే కొత్త ఆజ్ఞగా లెక్కించాలి.

బండి దగ్గరే ఉన్నా, కదలబోయిన ప్రతిసారీ లింకు తెగుతుంటే యాప్‌ను తిట్టుకోకండి. మోటార్లు మొదలయ్యే క్షణంలో బ్యాటరీ వోల్టేజి పడిపోయి మాడ్యూల్ రీసెట్ అవుతుంది. దాని దీపం ఆ క్షణంలోనే వేగంగా కొట్టుకోవడం మొదలైతే కారణం అదే. మోటార్లకూ బోర్డుకూ వేరువేరు బ్యాటరీలు పెడితే తీరుతుంది.

ఇప్పుడు పరీక్ష. అందరూ ఫోనులో బ్లూటూత్ ఆపి చూస్తారు, బండి ఆగగానే సంతోషిస్తారు. అది చెప్పి వెళ్లిపోవడం. మాడ్యూల్‌కు వెంటనే కబురు అందుతుంది కనుక దాంతో మా డాబా మీద జరిగినది బయటపడదు. బండిని ఇటుక మీద ఎత్తిపెట్టి, చక్రాలు తిరుగుతుండగా హెచ్‌సి-05 టీఎక్స్ తీగను పీకండి. లింకు చెక్కుచెదరదు, ఆజ్ఞలు మాత్రం బోర్డుకు అందవు. అర సెకనులో చక్రాలు ఆగాలి. తరువాత తీగ పెట్టి, ఈసారి మాడ్యూల్ విద్యుత్ తీగ పీకి, తెర వైపు చూడండి. ఇదిగో, ఈ బండి మీద మొదటి తీగ ఇప్పుడు తీస్తున్నాను.