నాలుగు ఆప్షన్లూ ఎగిరిపోయిన లెక్క

అందరికీ నమస్కారం. మొన్న రాత్రి మా ఇంటర్ విద్యార్థిని ఒక లెక్కను ఫొటో తీసి పంపింది. "సార్, నాలుగు ఆప్షన్లూ ఎగిరిపోతున్నాయి, లెక్కే తప్పా?" అని కింద రాసింది. ఈ రోజు ఆ లెక్క గురించే మాట్లాడతాను.

1·2 + 2·3 + 3·4 + … + n(n+1) మొత్తం ఎంత అన్నది ప్రశ్న. ఫొటోలో ఆమెకు కనిపించిన ఆప్షన్లు ఇవి:

(1) n(n+1)(n+3)/3
(2) n(n+1)(2n+1)/3
(3) n(n+1)(n+2)/6
(4) n²(n+1)

ఆమె ముందుగా n = 1 వేసింది. మొత్తం 2 రావాలి. మొదటిది 8/3 ఇస్తుంది, మూడోది 1 ఇస్తుంది, రెండూ పోయాయి. మిగిలిన రెండూ 2 ఇచ్చాయి. చాలామంది ఇక్కడే ఆగి ఏదో ఒకటి గుర్తిస్తారు. n = 1 దగ్గర తప్పు సూత్రాలు కూడా సరిపోయేలా ప్రశ్న తయారుచేసేవారు జాగ్రత్తపడతారు కాబట్టి, ఆమె n = 2 కూడా వేయడం నాకు ఎంతో నచ్చింది. మొత్తం 2 + 6 = 8 కావాలి. రెండో ఆప్షన్ 10, నాలుగోది 12. అన్నీ పోయాయి.

ఇక్కడ తొలగింపు పద్ధతి విఫలం కాలేదు. మనం చదివినదానిలో ఎక్కడో తేడా ఉందని చెప్పింది. ఆ తేడా ఎక్కడో చెప్పడం మాత్రం దానికి చేతకాదు. అందుకని పూర్తిగా సాధించాం. n(n+1) అంటే n² + n. వర్గాల మొత్తం n(n+1)(2n+1)/6, సంఖ్యల మొత్తం n(n+1)/2. రెండూ కలిపితే n(n+1)(2n+4)/6, అంటే n(n+1)(n+2)/3.

దీనికి ఒక్క అంకె దూరంలో ఉన్నవి మొదటి, మూడో ఆప్షన్లు. ఆ రెండు చోట్లే ఫొటోను పెద్దది చేసి చూశాం. మూడోదానిలో 6 స్పష్టంగా ఉంది. మొదటిదాని మీద పేజీ మడత నీడ పడి, 2 కాస్తా 3లా కనిపించింది.

ఫొటో అంచున నాలుగో ఆప్షన్ తెగిపోయి, కనిపించే మూడింటిలో ఒకటే మిగిలితే ఇంకా ప్రమాదం. మిగిలింది కదా అని దాన్ని నమ్మకూడదు, తెగిపోయినదే జవాబు కావచ్చు. అప్పుడూ పూర్తిగా సాధించాల్సిందే.

అన్నీ స్పష్టంగా కనిపిస్తే మాత్రం తొలగింపే లాభం. ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని సెకన్లే.

ప్రశ్న ఏమి అడుగుతోందో కూడా చూడండి. √(x+7) = x − 5 అయితే x విలువ ఎంత, 2, 9, 11, 18 ఆప్షన్లు అంటే, వేసి చూడటమే మేలు. 9 వేస్తే రెండు వైపులా 4, పని అయిపోయింది. అదే సమీకరణానికి సాధనలు ఎన్ని అని అడిగి 0, 1, 2, 3 ఇస్తే వేసి చూడటానికి ఏమీ లేదు. వర్గం చేసి x² − 11x + 18 = 0 తెచ్చుకోవాలి. 2, 9 వస్తాయి. 2 వేస్తే ఎడమవైపు 3, కుడివైపు −3, కాబట్టి అది చెల్లదు. జవాబు 1.