మచ్చ మురికి కాదు, తోమడం ఆపండి

నమస్కారం. విజయవాడలో చర్మవైద్యం చేస్తున్న నాకు ఒక మాట వినగానే చిరాకు వస్తుంది. "డాక్టరమ్మా, ఎంత తోమినా పోవడం లేదు." మొటిమ తగ్గాక మిగిలిన నల్లమచ్చ గురించి అనే మాట అది. తోమడానికి ముఖమేమైనా ఇత్తడి చెంబా? మచ్చ చర్మం పైన అంటుకున్న మురికి అన్న నమ్మకం నుంచే ఈ మాట పుట్టింది. అది మురికి కాదు. ఈరోజు ఆ ఒక్క విషయం చెబుతాను.

మంచం మీద కూర్చుని అన్నం తింటుంటే ఆవకాయ ముద్ద జారి పడిందనుకోండి. (మంచం మీద తినవద్దని మా అమ్మ కూడా చెప్పేది, నేను కూడా వినలేదు.) ముద్ద తీసేశాం, కాని దుప్పటి మీద ఎర్రటి నూనె మరక మిగిలింది. మొటిమ ఆ ముద్ద. మచ్చ ఆ నూనె. చర్మంలో మంట, వాపు పుట్టినప్పుడు రంగు తయారుచేసే కణాలు కంగారుపడి మెలనిన్ ఎక్కువగా తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి. మొటిమ మానుతుంది, పంచిన రంగు ఉండిపోతుంది. మన గోధుమరంగు, చామనఛాయ చర్మాల్లో ఆ కణాలు ఇంకా చురుకైనవి కనుక మనకు ఈ మచ్చలు ఎక్కువ.

ఇప్పుడు ముఖ్యమైన తేడా. నూనె దుప్పటి మీదే ఆగిందా, కింద పరుపులోకి దిగిందా? చర్మం పైపొర దుప్పటి లాంటిది. ఇంచుమించు నెల, నెలన్నరకు ఒకసారి అది తనంతట తానే మారిపోతుంది. రంగు అక్కడే ఉంటే మచ్చ గోధుమ లేదా ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది, నెలల్లో వెలిసిపోతుంది. మరి ఒక్క నెలలో ఎందుకు పోదు? రంగు కణాలు వెంటనే శాంతించవు కాబట్టి. పాత దుప్పటి తీస్తున్నాం, కొత్త దాని మీద ఇంకా చుక్కలు పడుతున్నాయి. రంగు లోపలిపొరలోకి, అంటే పరుపులోకి దిగితే మచ్చ బూడిదరంగులో, కాస్త నీలంగా కనిపిస్తుంది. అది పోవడానికి సంవత్సరాలు పట్టవచ్చు, పూర్తిగా పోకపోనూవచ్చు.

తోమితే ఏమవుతుందో మీకే అర్థమై ఉంటుంది. గరుకు స్క్రబ్బు, గోళ్లతో గిల్లడం, ఈనెపుల్లతో నొక్కడం, ఇవన్నీ నూనెను పరుపులోకి అదుముతాయి. కొత్త మంట పుడుతుంది, కొత్త రంగు వస్తుంది.

ఇక్కడ నా పోలిక ఒకచోట తలకిందులవుతుంది. పసుపు మరక పడిన గుడ్డను ఉతికి ఎండలో ఆరేస్తే మరక వెలిసిపోతుంది, అందరికీ తెలుసు. చర్మానికి అది వర్తించదు. ఎండ తగిలితే మచ్చ ఇంకా నల్లబడుతుంది. అతినీలలోహిత కిరణాలే కాదు, మన చర్మాలను కంటికి కనిపించే వెలుతురు కూడా నల్లబరుస్తుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. డిగ్రీ రెండో సంవత్సరం, పంతొమ్మిదేళ్లు. తాడేపల్లి నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా రోజూ స్కూటీ మీద కాలేజీకి వచ్చి, మధ్యాహ్నం ఎండలో తిరిగి వెళ్లేది. ముఖానికి పల్చని నూలు చున్నీ చుట్టుకునేది. ఆ చున్నీని వెలుతురుకు ఎత్తి పట్టుకోమన్నాను. అవతల ఉన్న నేను ఆమెకు స్పష్టంగా కనిపించాను. అంటే ఎండ కూడా దానిలోంచి వస్తోంది. పైగా హెల్మెట్ పట్టీ రాసుకుని దవడ మీద మొటిమలు.

మొదట నిమ్మరసం రాసింది. నిమ్మలో ఆమ్లం ఉంటుంది, ఎండతో కలిస్తే చర్మాన్ని కాల్చే పదార్థాలు కూడా ఉంటాయి, తొక్కలో మరీ ఎక్కువ. రాసుకుని బయటికి వెళితే మచ్చ మీద మచ్చ. తరువాత స్నేహితురాలు చెప్పిందని మందుల దుకాణంలో ఒక ట్యూబు కొంది. రెండు వారాల్లో ముఖం తెల్లబడింది. అందరూ మెచ్చుకున్నారు. ఆరు వారాలకు ఎండలోకి వస్తే మంట, ఎర్రటి పొక్కులు. మానేస్తే ఇంకా ఎర్రబడటం.

ఆ ట్యూబు తెచ్చి చూపించింది. అందులో మొమెటసోన్ ఉంది, అంటే స్టెరాయిడ్. అది మంటను, రంగు తయారీని అణచిపెడుతుంది కనుక మొదట తెల్లగా కనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది, మొటిమలు వస్తాయి, అది లేకుండా ఉండలేని స్థితి వస్తుంది. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఈ మూడు పేర్లు ట్యూబు మీద వెతకండి. ముఖానికి తెల్లదనం కోసం ఇవి పనికిరావు. చాలాకాలంగా వాడుతున్నవారు సొంతంగా హఠాత్తుగా ఆపకుండా వైద్యులను కలవండి. ఆపే పద్ధతి ఉంది.

ఆ అమ్మాయికి మొదటి నెల ఏ మచ్చల మందూ ఇవ్వలేదు. వాళ్లమ్మ నిరాశపడింది. ట్యూబును మెల్లగా మాన్పించాం. తేలికపాటి ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. మొదట కంగారు తగ్గాలి. సన్‌స్క్రీన్ శనగగింజంత రాస్తే లాభం లేదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు, ముఖానికి, మెడకు కలిపి. ఎండలో ఉంటే రెండు గంటలకు మళ్లీ. ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత గోధుమరంగు రకం దొరికితే అది మేలు, కనిపించే వెలుతురును కూడా ఆపుతుంది.

రెండో నెల నుంచి అడాపలీన్, 0.1 శాతం జెల్. రాత్రి, వారానికి రెండుసార్లు, ముఖమంతటికీ బఠానీగింజంత. కొత్త మొటిమ రాకపోతే కొత్త మచ్చ రాదు, ఈ మందు చేసే పెద్ద పని అదే. మండితే తగ్గించాలి, ఓర్చుకోకూడదు. ఆ మంట నుంచే మళ్లీ మచ్చ పుడుతుంది. గర్భంతో ఉన్నవారు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీన్ని వాడకూడదు. వారికి అజెలాయిక్ ఆమ్లం మంచిది, వైద్యుల సలహాతో. ఈ అమ్మాయికి కూడా మూడో నెల నుంచి దాన్నే పగలు వాడించాను.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెబుతాను. మచ్చ గులాబీరంగులో ఉండి, పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలుతో నొక్కితే మాయమైతే అది రంగు కాదు, రక్తనాళాల ఎరుపు. దానికి ఈ మందులు అంతగా పనిచేయవు. గుంట ఉంటే అది మచ్చ కాదు, గాటు, దాని వైద్యం వేరు. రెండు బుగ్గల మీదా ఒకే తీరున పరుచుకుంటే మంగు కావచ్చు, అదీ వేరే. పెళ్లి పదిహేను రోజుల్లో ఉందని లేజర్, పీలింగ్ అడగకండి. మన చర్మానికి అవే కొత్త మచ్చలు పెట్టగలవు. ఫొటో నెలకొకసారి తీయండి, అదే కిటికీ దగ్గర, అదే వేళకు. రోజూ అద్దంలో చూస్తే ఏ మార్పూ కనిపించదు.

ఆ అమ్మాయి ఆరో నెలలో వచ్చింది. బుగ్గల మీది గోధుమరంగు మచ్చలు దాదాపు పోయాయి. దవడ కింద, గోటితో గిల్లిన చోట, బూడిదరంగు మచ్చ ఒకటి అలాగే ఉంది.

"ఇది పరుపులోకి దిగిందా మేడమ్?" అని అడిగింది.

దిగింది.