కంచం చెప్పే లంబకోణం

శ్రోతలకు నమస్కారం. దగ్గరలో కంచం, పెన్సిల్, పెద్ద కాగితం ఉంటే తీసుకోండి. కంచాన్ని కాగితం మీద బోర్లించి, అంచు చుట్టూ గీత గీసి, కంచాన్ని పక్కన పెట్టండి. కాగితం మీద ఒక వృత్తం మిగిలింది. దాని కేంద్రం ఎక్కడుందో మనకు తెలియదు. దాన్ని పట్టుకోవడమే ఈ రోజు మన లెక్క.

ముందు ఒక చిన్న నిజం. వృత్తంలో వ్యాసం గీసి, దాని రెండు కొసలను ఏ, బీ అందాం. వృత్తం మీదే ఇంకెక్కడైనా సీ అనే బిందువు పెట్టి, దాన్ని ఏకీ బీకీ కలపండి. సీ దగ్గర ఏర్పడే కోణం ఎప్పుడూ 90 డిగ్రీలే. సీని ఎటు జరిపినా అంతే. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథం మూడో పుస్తకంలో దీన్ని 31వ సిద్ధాంతంగా నిరూపించాడు.

ఎందుకలా? కేంద్రం ఓ నుంచి సీకి ఒక గీత గీయండి. పెద్ద త్రిభుజం రెండు చిన్న త్రిభుజాలుగా విడిపోయింది. ఓ నుంచి ఏకి, బీకి, సీకి దూరం ఒకటే, అదే వ్యాసార్థం. అంటే రెండూ సమద్విబాహు త్రిభుజాలే. కాబట్టి ఏ దగ్గరున్న కోణమే సీలో ఒక ముక్కగా, బీ దగ్గరున్న కోణమే సీలో రెండో ముక్కగా కనిపిస్తుంది. ఏ కోణం, బీ కోణం కలిస్తే సీ కోణం! త్రిభుజంలో మూడూ కలిపి 180 కదా, అందులో సగం సీదే. నాకు ఈ నిరూపణలో ఎంతో ఇష్టమైన చోటు ఇదే: ఒక్క గీతతో లెక్క తేలిపోయింది.

దీన్ని తిప్పి చూసినా నిజమే: వృత్తం మీద మూల పెట్టిన లంబకోణం, వృత్తాన్ని మళ్లీ తాకే రెండు చోట్లను కలిపితే వచ్చేది వ్యాసం. ఇక మన కంచం దగ్గరికి వద్దాం. ఇంకో కాగితం తీసుకుని, దాని మూలను సరిగ్గా వృత్తం గీత మీద పెట్టండి. కాగితం రెండు అంచులు వృత్తాన్ని దాటే చోట్ల చుక్కలు పెట్టి కలపండి. అది ఒక వ్యాసం. మూలను ఇంకో చోటికి జరిపి మళ్లీ చేయండి. రెండు గీతలు ఖండించుకున్న చోటే కేంద్రం.

కంచం వ్యాసం 26 సెంటీమీటర్లు, ఒక అంచు మీద మూల నుంచి చుక్క దాకా 10 సెంటీమీటర్లు అనుకుందాం. రెండో అంచు మీద ఎంత? మూల దగ్గర లంబకోణం కాబట్టి పైథాగరస్ సూత్రం వాడదాం: 26 వర్గం 676, అందులోంచి 10 వర్గం 100 తీస్తే 576. దాని వర్గమూలం 24. కొలిచి చూడండి.

ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఏబీ కేంద్రం గుండా పోతుందో లేదో చూడకుండానే, వృత్తంలో త్రిభుజం కనబడగానే పిల్లలు 90 వేసేస్తారు. ఏబీ మామూలు జ్యా అయితే ఆ కోణం 90 కాదు. కాగితం మూల గీత మీద కాకుండా లోపలికి జరిగినా మీ గీత వ్యాసం కాదు. అందుకే మూలను మూడోసారి ఇంకో చోట పెట్టి గీయండి. మూడు గీతలూ ఒకే చుక్క దగ్గర కలవకుండా మధ్యలో చిన్న త్రిభుజం ఏర్పడితే, మూల ఎక్కడో జారిందన్నమాట.