దోరగా వేగితే చాలు

అందరికీ నమస్కారం.

1997లో దక్షిణ స్వీడన్‌లో హాలండ్సాస్ అనే కొండను తొలిచి రైలు సొరంగం తవ్వుతున్నారు. లోపలికి ఊరే నీళ్లను ఆపడానికి పగుళ్లలోకి ఒక రసాయనాన్ని ఎక్కించారు. అందులో ఉన్న ఆక్రిలమైడ్ అనే విషపదార్థం భూగర్భజలాల్లోకి చేరింది. చేపలు చచ్చిపోయాయి, ఆవులకు కాళ్లు పడిపోయాయి. సొరంగంలో పనిచేసిన కార్మికుల రక్తం పరీక్షించారు. పోల్చి చూడడానికి సొరంగంతో ఏ సంబంధమూ లేని మనుషుల రక్తం కూడా తీసుకున్నారు. చిత్రం ఏమిటంటే, వాళ్ల రక్తంలోనూ ఆక్రిలమైడ్ జాడలు కనిపించాయి. కార్మికులంత కాకపోయినా, ఉండకూడనంత ఉన్నాయి.

అది ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ పోతే ఆఖరికి దారి వంటింట్లోకి తీసింది. ఎలుకలకు వేయించిన మేత పెట్టి చూస్తే వాటి రక్తంలో ఆ జాడలు పెరిగాయి. 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార సంస్థ, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కలిసి ఈ సంగతి బయటపెట్టారు. వేయించిన, కాల్చిన పిండి పదార్థాల్లో ఆక్రిలమైడ్ ఉంది, దాన్ని ఎవరూ కలపడం లేదు, వండుతుంటే అదే పుడుతోంది అని.

ఎలా పుడుతుందో అదే ఏడాది తేలిపోయింది. బంగాళాదుంపలో, గోధుమలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం సహజంగా ఉంటుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి చక్కెరలూ ఉంటాయి. తడి ఆరి, వేడి 120 డిగ్రీలు దాటితే ఈ రెండూ కలిసి చర్య జరుపుతాయి. రొట్టెకు ఎర్రటి రంగు, కమ్మని వాసన తెచ్చేది కూడా ఈ చర్యల కుటుంబమే. అందుకే రంగునూ ఆక్రిలమైడ్‌నూ పూర్తిగా విడదీయలేం. కానీ ఎక్కడ ఆగాలో మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

ముందుగా, ఎంత భయపడాలి? అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. అది ప్రధానంగా జంతువుల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా. మనుషుల ఆహారాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు మాత్రం ఒక మాట మీద నిలబడలేదు. కాబట్టి ఒక మాడిన టోస్టు తిన్నందుకు ఎవరూ నిద్ర మానుకోనక్కర్లేదు. అయితే యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన నివేదికలో ఒక విషయం నన్ను ఆలోచింపజేసింది: శరీర బరువుతో పోల్చి చూస్తే దీన్ని ఎక్కువగా తీసుకుంటున్నది పిల్లలు. చిప్స్, బిస్కెట్లు ఇష్టంగా తినేది వాళ్లే కదా.

ఇక మూకుడు దగ్గరికి వద్దాం. నూనె 170 డిగ్రీల దగ్గర కాగుతోంది. అందులో బంగాళాదుంప ముక్కలు వేశారు. వెంటనే బుసబుసమని బుడగలు లేస్తాయి. ఆ బుడగలు ముక్కలోని నీళ్లు ఆవిరై బయటికి వస్తున్నవి. నీళ్లు ఉన్నంతసేపూ, చుట్టూ నూనె ఎంత కాగుతున్నా ముక్క వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అప్పటిదాకా ఆక్రిలమైడ్ పెద్దగా పుట్టదు. ఉడకబెట్టిన దుంపలో అది దాదాపు ఉండకపోవడానికీ ఇదే కారణం. కాసేపటికి బుడగల జోరు తగ్గుతుంది, చప్పుడు పలచబడుతుంది. అంటే పై పొర ఎండింది, ఇక దాని వేడి నూనె వేడి వైపు పరుగెడుతోంది. ముక్కలో చేరే ఆక్రిలమైడ్‌లో ఎక్కువ భాగం ఈ చివరి దశలోనే తయారవుతుంది, అదీ చాలా వేగంగా. లేత బంగారు రంగు రాగానే తీసిన ముక్కకూ, ఇంకాస్త కరకరలాడాలని వదిలేసి గోధుమ రంగుకు తెచ్చిన ముక్కకూ తేడా కొద్ది క్షణాలే. ఆక్రిలమైడ్‌లో మాత్రం ఆ తేడా కొద్దిది కాదు.

అందుకని బుడగలు తగ్గడం మొదలైతే ఇక కన్ను మూకుడు మీదే ఉండాలి. నూనె 175 డిగ్రీలు దాటనివ్వకండి. వంటింటి థర్మామీటర్ లేకపోయినా, పొగ వస్తోందంటే చాలా దాటిపోయినట్టే. ముక్కలన్నీ ఒకే మందంలో తరగడం కూడా అందం కోసం కాదు. సన్నటి తునకలు, కొసలు ముందే ఎండిపోయి మాడుతాయి. లావు ముక్క వేగేదాకా వాటిని అందులోనే ఉంచితే అడుగున నల్లగా చేరేవి అవే. వాటిని వేయించకముందే ఏరేయండి, లేదా ముందుగా తీసేయండి.

నూనెలో వేయకముందు చేయదగ్గది ఒకటుంది. తరిగిన ముక్కలను చల్లటి నీళ్లలో 15 నుంచి 30 నిమిషాలు నానబెట్టండి. నీళ్లు తెల్లబడేది గంజి వల్ల, కానీ మనకు కావలసిన పని కంటికి కనిపించదు. కోసిన అంచుల్లోని చక్కెర, ఆస్పరజిన్ నీళ్లలోకి దిగుతాయి. చర్య జరిగేదీ ఆ అంచుల్లోనే కాబట్టి ఇది ఉపయోగపడుతుంది. ఆ నీళ్లు పారబోసి, ముక్కలను బట్టతో బాగా అద్దండి, లేకపోతే నూనె చిట్లుతుంది. ఇంకా బాగా తగ్గాలంటే 70 డిగ్రీల వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచవచ్చు. చన్నీళ్ల కంటే వేడి నీళ్లు చక్కెరను ఎక్కువ లాగుతాయి. ముక్క కొంచెం మెత్తబడుతుంది, అంతే.

అయితే దుంపలోనే చక్కెర ఎక్కువగా ఉంటే ఎంత నానబెట్టినా లాభం కొంతే. ఆరు డిగ్రీల కంటే చల్లటి చోట చాలాకాలం ఉంచిన దుంప తన పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. మొలకెత్తిన దుంపలోనూ చక్కెర పెరుగుతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలిక. రెండు ముక్కలు ముందుగా వేసి చూడండి. లోపల ఇంకా పచ్చిగా ఉండగానే బయట గబగబా ఎర్రబడిపోతే ఆ దుంప వేపుడుకు పనికిరాదు. పారేయనక్కర్లేదు, ఉడికించి వాడుకోండి. నీళ్లలో ఉడికేటప్పుడు చక్కెర ఎంత ఉన్నా ఆ చర్య జరగదు.

టోస్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రొట్టె ముక్క పైన తడి మొదటే తక్కువ, అందుకే త్వరగా ఎండి త్వరగా మాడుతుంది. టోస్టర్ గుర్తును ఒక గీత తగ్గించి పెట్టుకుంటే సరిపోతుంది. నల్లబడిన చోటు గీకేస్తే కొంత పోతుంది, కానీ కింద ముదురు గోధుమ రంగు మిగిలితే అందులోనూ ఉంటుంది. ఓవెన్‌లో కాల్చే దుంపలకూ, బిస్కెట్లకూ ఇదే వర్తిస్తుంది.

ఒక్క కాఫీ దగ్గర మాత్రం ఈ రంగు లెక్క తలకిందులవుతుంది. గింజలు వేగే తొలి దశలోనే ఆక్రిలమైడ్ పుట్టి గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత వేడికి అదే విరిగిపోతూ వస్తుంది. కాబట్టి నల్లగా వేగిన గింజల్లో లేతగా వేగిన వాటికంటే అది తక్కువే ఉంటుంది. దుంపను, రొట్టెను చూసినట్టు కాఫీ గింజను రంగు చూసి అంచనా వేయకండి.