తుడిచేసిన కబురు ఎక్కడ దొరుకుతుంది?

శ్రోతలకు నమస్కారం.

ఫోనులో నోటిఫికేషన్లు గుట్టపడితే ‘క్లియర్ ఆల్’ నొక్కి అన్నీ ఒకేసారి తుడిచేస్తాం. మొన్న వంట హడావిడిలో మా పక్కింటి ఆవిడ అదే చేశారు. ఆ గుట్టలో పిల్లవాడి బడి యాప్ పంపిన కబురు కూడా ఉంది. ‘రేపు బస్సు’ అన్నంత వరకే ఆవిడ కంటపడింది. యాప్ తెరిచి చూస్తే, పాత కబుర్లు కనిపించే చోటే అందులో లేదు.

అయితే ఆవిడది ఆండ్రాయిడ్ ఫోను. అందులో నోటిఫికేషన్ హిస్టరీ ముందే ఆన్ చేసి ఉంది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కు వెళ్లి హిస్టరీ తెరిచాం. కొన్ని ఫోన్లలో ఇది అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ లోపల ఉంటుంది. ఇటీవల తుడిచేసినవి పైన, గడిచిన 24 గంటల్లో వచ్చినవి కింద కనిపించాయి. బడి యాప్ కింద కబురు పూర్తిగా ఉంది: ‘రేపు బస్సు 7 గంటల 10 నిమిషాలకే వస్తుంది.’

ముందే ఆన్ చేసి ఉంది అన్నాను, గమనించారా? 2020లో ఆండ్రాయిడ్ 11తో వచ్చిన ఈ సదుపాయం సాధారణంగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేశాక వచ్చినవే అందులో చేరతాయి. ఈ రోజు ఆన్ చేస్తే నిన్నటివి దొరకవు. అందుకే ముందే ఆన్ చేయండి. ఇంకో మాట: నోటిఫికేషన్‌లో కనిపించిన అక్షరాలే మిగులుతాయి. వాయిస్ మెసేజ్ వస్తే, వచ్చిందన్న సంగతే తప్ప గొంతు వినిపించదు. ఐఫోనులో ఇలాంటి హిస్టరీ లేదు.

నన్నడిగితే, గుట్ట పడనివ్వకపోవడం ఇంకా మేలు. ఆవిడ ఫోనులో ఆ గుట్టంతా ఒక షాపింగ్ యాప్ ఆఫర్లే. వచ్చిన ఆఫర్‌ను అలాగే నొక్కి పట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్తే ‘ఆర్డర్లు’, ‘ఆఫర్లు’ అని విభాగాలు కనిపించాయి. ఆఫర్లు ఆపాం, ఆర్డర్లు ఉంచాం. మీరు ఆపిన విభాగాన్ని తనంతట తాను మళ్లీ తెరవడం ఆ యాప్ వల్ల కాదు. సామ్‌సంగ్ కొత్త ఫోన్లలో విభాగాలు కనబడకపోతే, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వాటిని చూపించే మీట ఆన్ చేయాలి.

కొన్ని యాప్‌లు అన్నింటినీ ఒకే విభాగంలో కలిపేస్తాయి. అక్కడ ఆఫర్లను వేరు చేయలేం. అలాంటప్పుడు ఆ యాప్‌ను ‘సైలెంట్’లో పెట్టి, ఐకాన్ మీది చుక్కను కూడా తీసేయవచ్చు. ఐకాన్‌ను నొక్కి పట్టి, యాప్ సమాచారంలో నోటిఫికేషన్స్ తెరిస్తే ఆ చుక్క మీట ఉంటుంది. బడి యాప్‌కు మాత్రం చుక్క ఉంచాం. కానీ ఆ చుక్క నోటిఫికేషన్ ఉన్నంతసేపే ఉంటుంది. కబురు తుడిచేస్తే చుక్కా పోతుంది. ఆ తర్వాత వెతకాల్సింది హిస్టరీలోనే, అదీ 24 గంటల లోపే.