గడువు దాటాక జిమ్ మెంబర్‌షిప్ రద్దు: మెయిల్‌లో ఏం రాయాలి?

నమస్కారం. ఏడాది ఫీజు కట్టేశారు, రద్దు చేసుకునే గడువు దాటిపోయింది, ఇప్పుడేమో మోకాలికి దెబ్బ తగిలింది. ఏం చేయాలో చూద్దాం.

ముందు మీరు సంతకం పెట్టిన ఫారం తీయండి. గడువు గురించిన లైను దగ్గరే ఆగిపోకండి. అనారోగ్యం, ఊరు మారడం, మెంబర్‌షిప్‌ను కొన్నాళ్లు ఆపి ఉంచే ఫ్రీజ్, ట్రాన్స్‌ఫర్, ఈ మాటల కోసం వెతకండి. వీటికి వేరే షరతు ఉంటే మీ మెయిల్ దాని నంబరుతోనే మొదలవ్వాలి.

మా చెల్లి సంగతి చెప్తాను. 12 నెలలకు కట్టింది. మూడు నెలలయ్యాక మోకాలి లిగమెంట్ తెగింది. మొదటి మెయిల్‌లో "ఒంట్లో బాగాలేదు, డబ్బు వాపసు ఇవ్వండి" అని రాసింది. "గడువు దాటింది" అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. పాపం, చాలా బాధపడింది.

రెండోసారి ఇద్దరం కూర్చుని ఇలా రాశాం: "నేను చేరిన తర్వాత, ఫలానా తేదీన మోకాలికి గాయమైంది. ఆరు నెలలు వ్యాయామం వద్దని డాక్టర్ రాసిచ్చారు, సర్టిఫికెట్ జతచేశాను. ఈ రోజు నుంచి మెంబర్‌షిప్ ముగించి, మిగిలిన తొమ్మిది నెలల డబ్బు ఇవ్వగలరు. అది వీలుకాకపోతే ఆరు నెలలు ఫ్రీజ్ చేయండి."

ఇందులో ప్రాణం తేదీల్లోనే ఉంది. కారణం చేరిన తర్వాత వచ్చిందని కాగితం చెప్పాలి. "విశ్రాంతి అవసరం" అని మాత్రమే ఉన్న సర్టిఫికెట్ సరిపోదు; ఏం చేయకూడదో, ఎన్నాళ్లో డాక్టర్‌తో రాయించుకోండి. ఊరు మారితే బదిలీ ఉత్తర్వు, కొత్త అద్దె ఒప్పందం పెట్టండి. జిమ్ కాకుండా కోచింగ్ క్లాసైతే రద్దుతో పాటు ఆన్‌లైన్ బ్యాచ్‌కి మార్చమనీ అడగొచ్చు.

ఇక లెక్క దగ్గర జాగ్రత్త. ఏడాది ప్లాన్ డిస్కౌంట్‌లో ఇస్తారు కదా. ఏడాది ఫీజు ఎనిమిది నెలల మామూలు ఫీజుతో సమానం అనుకుందాం. సమానంగా పంచితే తొమ్మిది నెలలకు, ఆరు నెలల మామూలు ఫీజంత రావాలి. కానీ వాళ్లు వాడుకున్న మూడు నెలలకు మామూలు రేటు కోసుకుంటే ఐదు నెలలదే వస్తుంది. అలా కోసుకోవచ్చని ఫారంలో ఉందో లేదో చూసి మాట్లాడండి.

నెలనెలా ఆటో డెబిట్ అయితే, చెప్పకుండా ఆపేయకండి. బకాయి కింద రాసుకోవచ్చు. ముందు మెయిల్ పంపండి. కౌంటర్‌లో నోటితో చెప్పినా అదే రోజు మెయిల్ కూడా పెట్టండి, నోటీసు తేదీకి సాక్ష్యం అదే. ముగింపు తేదీ, బకాయి ఏమీ లేదన్న మాట రాతపూర్వకంగా వచ్చాకే బ్యాంక్ యాప్‌లో ఆటో డెబిట్‌కి మీరిచ్చిన అనుమతి, అంటే మ్యాండేట్, రద్దు చేయండి.