మెన్షన్ చేస్తే మెసేజ్ చేతులు మారిపోతోంది: టీమ్ ఇన్‌బాక్స్ యాప్ రివ్యూ

నమస్కారం. ఈ రోజు మనం చూడబోయే టీమ్ చాట్ యాప్‌ను దాని తయారీదారులు నాకు ఉచితంగా వాడుకోవడానికి ఇచ్చారు. ఈ వీడియో కోసం నేను డబ్బు తీసుకోలేదు, స్క్రిప్టును ముందుగా వారికి చూపించనూ లేదు. ధరలు, ప్లాన్లు, ఏయే ఫోన్లలో పనిచేస్తుంది వంటి వివరాలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. బయటి నుంచి వచ్చే ప్రతి మెసేజ్‌కు జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో, ఏ క్షణంలో చూసినా ఒక్క పేరుతో ఈ యాప్ చెప్పగలుగుతుందా అన్న ఒక్క ప్రశ్న మీదే ఈ వీడియో అంతా నడుస్తుంది.

మా బృందం ఆన్‌లైన్ పాఠాలు అమ్ముతుంది. కొన్నవారి నుంచి మెయిల్స్, చాట్ మెసేజ్‌లు అన్నీ ఒకే చోటికి వస్తాయి. ఈ యాప్‌కు ముందు మేము మామూలు గ్రూప్ చాట్‌లో పని నడిపేవాళ్లం. వచ్చిన మెసేజ్‌ను ఎవరో ఒకరు గ్రూప్‌లో పెట్టేవారు, దాన్ని చూసుకుంటున్న వ్యక్తి కళ్ల ఎమోజీ పెట్టేవారు, పని పూర్తయ్యాక టిక్ పెట్టేవారు. చాలా బృందాలు ఇప్పటికీ ఇలాగే చేస్తున్నాయి, మెసేజ్‌లు తక్కువగా ఉన్నంత కాలం ఇది బాగానే సాగుతుంది. అయితే ఒకే మెసేజ్‌కు ఇద్దరు కళ్ల ఎమోజీ పెట్టినా ఆ పద్ధతి అడ్డు చెప్పదు. ఎవరూ ఎమోజీ పెట్టని మెసేజ్ మాత్రం పైకి జరిగిపోయి కనుమరుగవుతుంది. స్లాక్ వంటి చాట్‌లో `@channel` అని పెడితే ఛానెల్‌లోని అందరికీ, `@here` అని పెడితే ఆ సమయంలో యాక్టివ్‌గా ఉన్నవారికి మాత్రమే నోటిఫికేషన్ వెళుతుంది. ఈ రెండింటిలో ఏది వాడినా పిలుపు అందుకున్నవారిలో ఎవరు జవాబు చెప్పాలో అది నిర్ణయించదు.

అందరినీ అడిగితే ఎవరూ పలకకపోవడం మనుషుల బద్ధకం వల్ల జరిగేది కాదు. బారన్, యెచియమ్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే సహాయం కోరుతూ మెయిల్స్ పంపి చూశారు. తన ఒక్కరి పేరు మీదే మెయిల్ అందుకున్నవారు, ఇంకా కొందరి పేర్లతో కలిపి అందుకున్నవారి కంటే ఎక్కువగా జవాబిచ్చారు, ఆ జవాబులు మరింత ఉపయోగకరంగా కూడా ఉన్నాయి. టీమ్ ఇన్‌బాక్స్ యాప్‌లు చేయాల్సిన పని కూడా ఇదే: అందరికీ వచ్చిన మెసేజ్‌ను ఒక్కరికి వచ్చిన మెసేజ్‌గా మార్చడం.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఎడమవైపు మూడు ట్యాబ్‌లు ఉన్నాయి: ఎవరికీ అసైన్ కానివి, నాకు అసైన్ అయినవి, ముగిసినవి. కొత్త మెసేజ్ మొదటి ట్యాబ్‌లో పడుతుంది. ఎవరైనా దాన్ని తెరిచి ‘నేను తీసుకుంటాను’ బటన్ నొక్కగానే అది అందరి ముందు నుంచీ తొలగి, వారి ‘నావి’ ట్యాబ్‌లోకి వెళుతుంది. ఇద్దరు దాదాపు ఒకేసారి నొక్కితే మొదటి నొక్కుడే చెల్లుతుంది, రెండో వ్యక్తికి అప్పటికే తీసుకున్నవారి పేరు కనిపిస్తుంది. మేము ఇద్దరం పక్కపక్కన కూర్చుని కావాలనే పోటీపడి నొక్కి చూశాం, ఒక్కసారి కూడా మెసేజ్ ఇద్దరి దగ్గరికీ వెళ్లలేదు. ఎమోజీ పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. చివర్లో చెప్పబోయే ఒక్క మినహాయింపు తప్ప, మొదటి ట్యాబ్ ఖాళీగా ఉందంటే ఓనర్ లేని మెసేజ్ ఒక్కటీ లేదని అర్థం. గ్రూప్ చాట్‌లో ఎంత వెనక్కి స్క్రోల్ చేసినా ఆ మాట ధీమాగా చెప్పలేం.

ఇంతవరకు నాకు ఈ యాప్ ఎంతగానో నచ్చింది. ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన విషయానికి వస్తాను, దీనికి ఎక్కువ సమయమే తీసుకుంటాను, ఎందుకంటే ఈ యాప్ కొన్నవారిలో చాలామంది దీన్ని గమనించకుండానే వాడుతూ ఉంటారని నా అనుమానం. సెట్టింగ్స్‌లో ‘మెన్షన్ చేసిన వ్యక్తికి అసైన్ చేయి’ అనే ఒక ఆప్షన్ ఉంది, అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. అంటే మెసేజ్ కింద లోపలి కామెంట్‌లో ఎవరి పేరు ముందైనా `@` పెట్టి ఒక ప్రశ్న అడిగితే చాలు, ఆ మెసేజ్ మీ దగ్గర నుంచి వారి దగ్గరికి వెళ్లిపోతుంది.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. ఒక విద్యార్థిని నుంచి ఉదయం పది గంటలకు మెసేజ్ వచ్చింది. పాఠానికి డబ్బు రెండుసార్లు కట్ అయిందని, ఒకటి వెనక్కి ఇవ్వమని ఆమె అడిగారు. మా హెల్ప్‌డెస్క్‌లో ఉన్న అబ్బాయి దాన్ని తీసుకున్నాడు. చెల్లింపుల లెక్క అతనికి కనిపించదు కాబట్టి అకౌంట్స్ చూసే ఆవిడను కామెంట్‌లో మెన్షన్ చేసి, “మేడమ్, ఈ చెల్లింపు రెండుసార్లు పడిందేమో ఒకసారి చూడగలరా?” అని అడిగాడు. పదకొండు గంటలకల్లా ఆవిడ, “అవునండి, రెండుసార్లు పడింది. రెండోది ఇవాళే వెనక్కి పంపుతున్నాను” అని అదే కామెంట్లలో రాసి, చెప్పినట్టే పంపేశారు. ఇద్దరూ తమ పని తాము సరిగ్గా చేశారు. అయినా విద్యార్థినికి సాయంత్రం దాకా ఒక్క ముక్క జవాబు వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదో చూడండి. మెన్షన్ చేసిన క్షణంలోనే మెసేజ్ ఆ అబ్బాయి ‘నావి’ ట్యాబ్ నుంచి మాయమైంది, అతను ఆ ట్యాబ్ చూసి తన పనంతా అయిపోయిందనుకున్నాడు. అకౌంట్స్ ఆవిడకు వచ్చింది ఒక ప్రశ్న, ఆ ప్రశ్నకు ఆవిడ జవాబు చెప్పారు. కస్టమర్‌కు రాయాల్సిన బాధ్యత కూడా తన పేరు మీదికి వచ్చిందని చెప్పే సూచన, మెసేజ్ పైభాగంలో మూలన ఉన్న చిన్న ఫోటో మారడం తప్ప ఇంకేమీ లేదు. కాగితం మీద ఆ మెసేజ్‌కు ఓనర్ ఉన్నారు, కాబట్టి అది మొదటి ట్యాబ్‌లోకి తిరిగి రాదు. ఓనర్ లేని మెసేజ్ అయితే ఎవరో ఒకరి కంట పడేది. ఓనర్ అని తనకే తెలియని మనిషి దగ్గర ఉన్న మెసేజ్ ఎవరి కంటా పడదు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదకరం.

మెన్షన్ అంటే ఒకరి నుంచి సమాచారమో సలహానో కోరడం. అసైన్ చేయడం అంటే బయటి మనిషికి జవాబు వెళ్లేదాకా పూచీ అప్పగించడం. ప్రశ్న ఎంతమందిని అడిగినా పూచీ మాత్రం ఆ ప్రశ్న అడిగిన మనిషి దగ్గరే ఉండాలి, మారాలంటే ఎవరో ఒకరు తెలిసి చేతితో మార్చాలి. పనుల జాబితాల యాప్ అయిన ఆసనలో ఒక పనికి ఒక్కరినే అసైన్ చేయగలం, మిగతావారిని సహకరించేవారిగా మాత్రమే చేర్చగలం. ట్రెల్లోలో ఒక కార్డుకు ఎంతమందినైనా చేర్చవచ్చు. కలిసి చేసే పనికి ట్రెల్లో పద్ధతి సరిపోవచ్చు గానీ, బయటివారు జవాబు కోసం ఎదురుచూస్తున్న మెసేజ్‌కు మాత్రం ఆసన పద్ధతే కావాలి.

ఓనర్‌కే తెలియకుండా చేతులు మారిన మెసేజ్‌లు మీ బృందంలో ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక ఫిల్టర్ తయారు చేసుకోండి. అసైన్ అయి ఉండాలి, ముగిసి ఉండకూడదు, కస్టమర్ నుంచి వచ్చిన మెసేజ్ తరువాత మన వైపు నుంచి బయటికి ఏ జవాబూ వెళ్లి ఉండకూడదు, అలా నాలుగు గంటలు దాటి ఉండాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ యాప్ ఫిల్టర్‌లో సమయాన్ని కొలవడానికి ‘చివరి కదలిక’ అన్న ఎంపిక ముందుగా పెట్టి ఉంటుంది, లోపలి కామెంట్ కూడా ఆ లెక్కలో కదలికే. మన ఉదాహరణలో పదకొండు గంటల కామెంట్‌తో గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. లోపల ఎంత ఎక్కువ చర్చ జరిగితే మెసేజ్ అంత తాజాగా కనిపిస్తుంది, బయట కస్టమర్ మాత్రం ఎదురుచూస్తూనే ఉంటారు. అందుకే దాన్ని ‘కస్టమర్ చివరి మెసేజ్’ అని మార్చండి. ఆ మార్పు చేసిన వెంటనే మా జాబితాలో అంతకుముందు కనిపించని మెసేజ్‌లు బయటపడ్డాయి, వాటిలో చాలావాటి కింద చివరగా ఉన్నది మెన్షన్‌కు వచ్చిన జవాబే.

సెలవుల సంగతి కూడా చెప్పాలి. ముగిసిన మెసేజ్‌కు కస్టమర్ మళ్లీ రాస్తే ఈ యాప్ దాన్ని పాత ఓనర్‌కే పంపుతుంది, అది సరైన పద్ధతే, ఎందుకంటే జరిగిన కథంతా వారికే తెలుసు. ఆ ఓనర్ సెలవులో ఉంటే మాత్రం మెసేజ్ వారి ట్యాబ్‌లోనే వారు తిరిగి వచ్చేదాకా పడి ఉంటుంది. దీనికి రూల్స్ విభాగంలో ఒక రూల్ రాసుకోవచ్చు: మెసేజ్ మళ్లీ తెరుచుకున్నప్పుడు ఓనర్ స్టేటస్ ‘సెలవు’ అయితే అసైన్‌మెంట్ తీసేసి మొదటి ట్యాబ్‌కు పంపు. ఇది చక్కగా పనిచేస్తుంది, కానీ స్టేటస్ మార్చడం మనిషి చేతిలోనే ఉంది. మా బృందంలో సెలవు అడిగే మెసేజ్‌లోనే స్టేటస్ మార్చిన తేదీ రాయాలన్న నియమం పెట్టుకున్నాక ఇది స్థిరపడింది.

ఒక మెసేజ్‌ను మనిషికి బదులు టీమ్‌కు అసైన్ చేసే సౌకర్యం కూడా ఉంది. మెసేజ్ ఏ విభాగానిదో వేరు చేయడానికి దాన్ని వాడండి, అక్కడితో ఆపకండి. టీమ్ పేరు ఉండి మనిషి పేరు లేని మెసేజ్‌ను ఈ యాప్ ‘అసైన్ అయింది’ అనే లెక్కిస్తుంది, మొదటి ట్యాబ్‌లో చూపించదు. మనిషి పేరు లేనివాటన్నిటికీ విడిగా ఒక ఫిల్టర్ పెట్టుకుని ప్రతి ఉదయం దాన్ని ఖాళీ చేయండి.

ఇక నా తీర్పు. మెసేజ్‌ను తీసుకునే విధానం విషయంలో నేను వాడిన టీమ్ యాప్‌లలో ఇదే మేలైనది, వేగం, సెర్చ్, మొబైల్ యాప్ కూడా సంతృప్తికరంగానే ఉన్నాయి. అయినా ఆ మెన్షన్ సెట్టింగ్ మొదటి నుంచే ఆన్‌లో ఉన్నంత కాలం నేను దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేయలేను. అడ్మిన్‌గా మీరే ఉండి, బృందాన్ని చేర్చకముందే దాన్ని ఆఫ్ చేయగలిగితే కొనండి. ఆ ఆప్షన్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల కింద కాకుండా ‘కామెంట్లు’ అనే పేజీ అట్టడుగున ఉంటుంది. ఆఫ్ చేసిన తరువాత అప్పటికే చేతులు మారిపోయిన మెసేజ్‌లు వాటంతట అవి వెనక్కి రావు, వాటిని ఇందాక చెప్పిన ఫిల్టర్‌తో పట్టుకుని ఒక్కొక్కటిగా సరైన ఓనర్‌కు అప్పగించాలి.